అంకెకు సాక్షి ఎవరు?

(నివేదికలు రాసేవారికీ, వాటిని దిద్దేవారికీ కలిపి ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. ఆ రోజు అందరికీ పంచిన కాగితాన్ని ముందుగా ఇస్తున్నాం.)

*ఈ ఏడాది సంస్థ ఆదాయం 10 శాతం పెరిగి ₹1,248.6 కోట్లకు చేరింది. నికర లాభం ₹13,620 మిలియన్లుగా నమోదైంది. నికర లాభ మార్జిన్ 1.2 శాతం పెరిగింది. విదేశీ అనుబంధ సంస్థ నష్టం −₹4.2 కోట్ల మేర తగ్గింది.*

(₹ కోట్లలో)

| వివరం | ఈ ఏడాది | గత ఏడాది |
|---|---|---|
| ఆదాయం | 1,284.6 | 1,167.9 |
| ఖర్చులు | 1,102.3 | 1,021.4 |
| పన్నుకు ముందు లాభం | 182.3 | 146.5 |
| పన్ను | 46.1 | 37.2 |
| నికర లాభం | 136.2 | 109.3 |
| ఇందులో విదేశీ అనుబంధ సంస్థ లాభం/(నష్టం) | (2.8) | (7.0) |
| ప్రతి షేరుకు ఆర్జన | 16.02 | 12.86 |

కాగితం అందరికీ అందిందా? వెనక వరుసలో ఇద్దరికి చాలలేదనుకుంటాను, పక్కవారిది చూడండి. రెండు నిమిషాలు ఇస్తాను. పెన్సిలుతో తప్పులు గుర్తు పెట్టండి. మాట్లాడుకోవద్దు.

సరే. ఎన్ని దొరికాయి? ఒకటి? అక్కడ రెండు? మూడు దొరికినవారు ఎవరైనా ఉన్నారా? ఒక్కరే. మొత్తం ఐదు ఉన్నాయి. చిన్నబుచ్చుకోకండి. వీటిలో ఒక్కటి కూడా నేను కల్పించింది కాదు. సంఖ్యలు మార్చాను, సంస్థ పేరు తీసేశాను. తప్పులు మాత్రం వేర్వేరు సమయాల్లో నా బల్ల మీదికి వచ్చినవే. అన్నిటినీ ఒకే పేజీలోకి తెచ్చానంతే.

ఎందుకు దొరకలేదు? మనం చదవడం రాని వాళ్లమా? కాదు. చదవడం బాగా వచ్చిన వాళ్లం కాబట్టే దొరకలేదు. 'లాభం' అన్న చోట 'లాబం' అని పడితే కన్ను దానంతట అది ఆగుతుంది. అలాంటి మాట భాషలో లేదు కాబట్టి ఆగుతుంది. మరి 1,248.6 అన్న సంఖ్య లేదా? ఉంది. 1,284.6 కూడా ఉంది. రెండూ ముచ్చటైన సంఖ్యలే. తప్పు మాట తన తప్పును తానే చెప్పుకుంటుంది. తప్పు అంకె చెప్పదు. దానికి ఇంకొకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్షి పక్క వరుసలో ఉండవచ్చు, పట్టిక తలకట్టులో ఉండవచ్చు, పక్క వాక్యంలో ఉండవచ్చు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ సాక్షుల గురించే.

మొదటి తప్పు చూద్దాం. వాక్యంలో ఆదాయం 1,248.6, పట్టికలో 1,284.6. ఎనిమిదీ నాలుగూ స్థానాలు మార్చుకున్నాయి. మీలో చాలామంది దీన్ని పట్టుకున్నారు. కానీ ఒక ప్రశ్న. ఏది తప్పు? వాక్యమా, పట్టికా? 'పట్టికే సరైనది' అని అక్కడెవరో అన్నారు. ఎలా తెలుసు? పట్టికలు ఎక్సెల్ నుంచి వస్తాయి కాబట్టి నమ్మకం, అంతేనా? నమ్మకం చాలదు. ఆదాయంలోంచి ఖర్చులు తీసేయండి. 1,284.6లోంచి 1,102.3 పోతే 182.3. కింద పన్నుకు ముందు లాభం అదే. ఒక సాక్షి దొరికాడు. ఇంకొకరు కావాలంటే వాక్యంలోనే ఉన్నారు, 10 శాతం అన్నాడు కదా. గత ఏడాది 1,167.9 నుంచి 1,284.6కు పెరిగితే 9.99 శాతం. అదే 1,248.6కు పెరిగితే 6.9 శాతమే. వాక్యం తన తప్పును పట్టించే ఆధారాన్ని తనలోనే పెట్టుకుని ఉంది.

ఇక్కడ పాత లెక్కల గుమాస్తాల కిటుకు ఒకటి ఉంది. రెండు సంఖ్యలు కలవడం లేదనుకోండి. వాటి తేడాను దశాంశ బిందువు తీసేసి తొమ్మిదితో భాగించండి. ఇక్కడ 12,846లోంచి 12,486 తీస్తే 360. తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా 40. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. ఆ 40లో ఉన్న 4 కూడా ఊరికే రాలేదు. తారుమారైన అంకెల మధ్య తేడా అది. ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు. అంటే ఏ జంట కోసం వెతకాలో కూడా చెబుతోంది.

ఇంకో విశేషం. బిందువు ఒక స్థానం జరిగినా తేడా తొమ్మిదితో భాగింపబడుతుంది. 136.2 ఉండవలసిన చోట 1,362 పడితే తేడా 1,225.8. తొమ్మిదితో భాగించి చూడండి. 136.2 వస్తుంది. అసలు సంఖ్యే తిరిగి వస్తుంది! కానీ ఒక హెచ్చరిక. ఏ సంబంధమూ లేని తేడాలు కూడా తొమ్మిదిలో ఒకసారి తొమ్మిదితో భాగింపబడతాయి. కాబట్టి ఇది ఆచూకీ మాత్రమే, తీర్పు కాదు.

రెండో తప్పుకు వద్దాం. ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన తప్పు ఇదే. 'నికర లాభం ₹13,620 మిలియన్లు.' ఒక కోటి అంటే పది మిలియన్లు. 136.2 కోట్లు అంటే 1,362 మిలియన్లు. మరి 13,620 ఎక్కడిది? ఒక సున్నా ఎక్కువ పడిందా? అలాగే అనిపిస్తుంది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఆలోచించండి. 136.2 కోట్లు లక్షల్లో ఎంత? 13,620 లక్షలు. అంకె తప్పు కాదు! యూనిట్ తప్పు. పాత చిత్తుప్రతి లక్షల్లో ఉంది. ఎవరో విదేశీ పాఠకుల కోసం 'లక్షలు' అన్న మాట తీసి 'మిలియన్లు' అని పెట్టారు. మాట మారింది, సంఖ్య మారలేదు.

దీన్ని పట్టడానికి కాలిక్యులేటర్ అక్కరలేదు. 13,620 మిలియన్లు అంటే 1,362 కోట్లు. ఆదాయం ఎంత? 1,284.6 కోట్లు. ఆదాయం కంటే లాభమే ఎక్కువైపోయింది! ఇలాంటి కొలబద్దలు కొన్ని చేతిలో పెట్టుకోండి. సాధారణ వ్యాపారంలో లాభం ఆదాయం కంటే పెద్దది కాదు. భాగం మొత్తాన్ని మించదు. ఈ రెండింటికి లొంగని పెద్ద తప్పులు తక్కువే.

యూనిట్ మాటల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇవి దేశం దాటితే రూపం మార్చుకుంటాయి. ఇంగ్లిషులో బిలియన్ అంటే ఇప్పుడు వంద కోట్లు. జర్మన్‌లో అదే అక్షరాలతో ఉన్న బిలియన్ అంటే లక్ష కోట్లు. వంద కోట్లకు వాళ్ల మాట మిలియార్డె. ఒక్క మాటలో వెయ్యి రెట్లు తేడా. M అన్న అక్షరం ఇంకా చిక్కు. ఒక నివేదికలో అది మిలియన్. ఇంకో పాత అలవాటులో M అంటే రోమన్ అంకెల్లోని వెయ్యి, అందుకే మిలియన్‌కు MM అని రాస్తారు. ఈ రెండు అలవాట్లు ఉన్నవాళ్లు ఒకే నివేదిక మీద పని చేస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఏ అక్షరానికి ఏ అర్థమో నివేదిక మొదటి పేజీలో ఒకసారి రాయించండి. తర్వాత ఆ అక్షరం కాక ఇంకొకటి కనబడితే అది తప్పు కాకపోయినా గుర్తు పెట్టండి.

మూడోది. 'నికర లాభ మార్జిన్ 1.2 శాతం పెరిగింది.' దీన్ని ఎవరూ గుర్తు పెట్టలేదు. గత ఏడాది 109.3ను 1,167.9తో భాగిస్తే 9.4 శాతం. ఈ ఏడాది 136.2ను 1,284.6తో భాగిస్తే 10.6 శాతం. తేడా 1.2. ఇంకేం, సరిపోయిందిగా? సరిపోలేదు. తేడా 1.2 శాతం పాయింట్లు. 9.4 మీద 1.2 శాతం పెరిగితే 9.5 అవుతుందే గానీ 10.6 కాదు. శాతంలో చెప్పాలంటే పెరుగుదల సుమారు 13 శాతం. 'శాతం' అన్న మాటకూ 'శాతం పాయింట్లు' అన్న మాటకూ మధ్య ఇక్కడ పది రెట్లకు పైగా దూరం ఉంది. శాతాల్లో చెప్పే ఏ కొలత అయినా, అది మార్జిన్ కావచ్చు, వడ్డీ రేటు కావచ్చు, మార్కెట్ వాటా కావచ్చు, 'పెరిగింది', 'తగ్గింది' అన్న క్రియ పక్కన కనిపిస్తే అక్కడ ఆగండి.

ఈ గొడవ తప్పించుకోవడానికే ఆర్థిక రంగంలో బేసిస్ పాయింట్లు వాడతారు. శాతం పాయింటులో నూరోవంతు ఒక బేసిస్ పాయింటు. మన 1.2 అక్కడ దాదాపు 124 బేసిస్ పాయింట్లు. 120 ఎందుకు కాలేదు అంటే, 1.2 అప్పటికే కుదించిన సంఖ్య. కుదించిన సంఖ్య నుంచి మళ్లీ లెక్క కడితే ఇలాగే చివర కొంత రాలిపోతుంది. అది వేరే సంగతి. బేసిస్ పాయింట్లు వాడితే మాట తేటపడుతుంది, నిజమే. ప్రమాదం పోతుందా? 2024 ఫిబ్రవరి 13న అమెరికాలో లిఫ్ట్ అనే ట్యాక్సీ యాప్ కంపెనీ తన త్రైమాసిక ఫలితాల ప్రకటన విడుదల చేసింది. ఆ ఏడాది తమ సర్దుబాటు లాభ మార్జిన్ 500 బేసిస్ పాయింట్లు పెరుగుతుందని అందులో ఉంది. ఉండవలసింది 50. మార్కెట్ ముగిశాక జరిగే ట్రేడింగులో షేరు అరవై శాతానికి పైగా ఎగిరింది. ఆ సాయంత్రమే విశ్లేషకులతో మాట్లాడుతూ ఆ కంపెనీ ఆర్థికాధికారి సంఖ్యను సరిదిద్దారు. షేరు పెరిగినదాంట్లో చాలా భాగం దిగిపోయింది.

అందరూ దీన్ని సున్నా కథగా చెబుతారు. నేను సాక్షి కథగా చెబుతాను. 500 బేసిస్ పాయింట్లు అంటే ఐదు శాతం పాయింట్లు. చదివినవారు ఎవరైనా ఆ మాటను మనసులో అలా తిరగేసుకుని, 'ఒక్క ఏడాదిలో మార్జిన్‌కు ఐదు శాతం పాయింట్లా?' అని అడిగి ఉంటే అక్కడే ఆగేది. అందుకే నేను బేసిస్ పాయింట్లలో ఉన్న ప్రతి సంఖ్య పక్కనా పెన్సిలుతో శాతం పాయింట్లలో రాసుకుంటాను. 50 పక్కన అర. 124 పక్కన ఒకటింబావు. యూనిట్ మార్చి రాస్తే అలవాటుపడిన కన్ను నిద్ర లేస్తుంది.

నాలుగో తప్పు తేలికది. 'నష్టం −₹4.2 కోట్ల మేర తగ్గింది.' నష్టం అన్నాక, తగ్గింది అన్నాక, మళ్లీ రుణ గుర్తు ఎందుకు? పట్టికలో నష్టం 7.0 నుంచి 2.8కి దిగింది కాబట్టి తగ్గిన మాట నిజం. గుర్తు తీసేస్తే చాలు. వాక్యంలో దిశను మాట చెప్పాలి, పట్టికలో గుర్తు చెప్పాలి. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పట్టికలో కుండలీకరణాలు వాడితే అన్నిచోట్లా అవే వాడాలి. మూసే కుండలీకరణం తర్వాతి వరుసకు జారిందా, అడ్డగీత ఒక వరుస చివర, సంఖ్య ఇంకో వరుస మొదట పడ్డాయా అన్నది పేజీ అమరిక అయ్యాక చూడాలి. గుర్తు ఊడితే నష్టం లాభమైపోతుంది.

ఐదోది? పట్టిక పైన ఏముంది? '₹ కోట్లలో'. చివరి వరుస ఏమిటి? ప్రతి షేరుకు ఆర్జన 16.02. అంటే ఒక్కో షేరుకు 16 కోట్ల రూపాయలు! నవ్వుతున్నారు గానీ, తలకట్టు చెప్పేది అదే. 'ప్రతి షేరుకు ఆర్జన మినహా, ₹ కోట్లలో' అని ఉండాలి. షేర్ల సంఖ్య, ఉద్యోగుల సంఖ్య, నిష్పత్తులు, ఇవన్నీ డబ్బు పట్టికల్లో అద్దెకుండే వరుసలు. ఇంటి యజమాని యూనిట్ వీటికి వర్తించదు. నేను పట్టికను మొదటిసారి చూసేటప్పుడు అంకెల మీద కాగితం కప్పేస్తాను. తలకట్టు, ఎడమ పక్క పేర్లు మాత్రం కనిపిస్తాయి. ఒక్కో పేరూ చదివి, 'ఇది కోట్ల రూపాయల్లో ఉండే వస్తువేనా?' అని అడుగుతాను. అంకెలు కనిపిస్తుంటే ఈ ప్రశ్న తట్టదు. మీరూ ఒకసారి చేసి చూడండి.

కామా ఎక్కడ, బిందువు ఎక్కడ

ఇప్పటిదాకా అంతా ఒకే పేజీలో, ఒకే అలవాటులో ఉంది. ఇక పరాయి అలవాటులో ఉన్న పట్టిక వచ్చి మన నివేదికలో చేరినప్పుడు ఏమవుతుందో చూద్దాం.

ఇంగ్లిషు పద్ధతిలో వేలకు కామా, దశాంశానికి బిందువు. జర్మన్ పద్ధతిలో సరిగ్గా తిరగబడుతుంది, వేలకు బిందువు, దశాంశానికి కామా. ఫ్రెంచివారు వేలకు ఖాళీ వదిలి, దశాంశానికి కామా పెడతారు. మన లక్షలు, కోట్ల పద్ధతిలో మొదటి మూడు అంకెల తర్వాత రెండేసి అంకెలకు కామా. 2003లో తూనికలు, కొలతల సార్వత్రిక మహాసభ దశాంశానికి బిందువైనా కామా అయినా సరే, వేలను విడదీయడానికి మాత్రం ఆ రెండింటిలో ఏదీ వద్దు, ఖాళీయే వదలండి అని తీర్మానించింది. విజ్ఞాన గ్రంథాల్లో అది కనిపిస్తుంది. ఆర్థిక నివేదికలు మాత్రం తమ అలవాటు వదులుకోలేదు.

ఒకసారి ఒక జర్మన్ అనుబంధ సంస్థ నుంచి మూడు వరుసల పట్టిక వచ్చింది. తలకట్టు 'వేల యూరోలలో'. సంఖ్యలు 4.215, 12.380, 860. అంటే నాలుగు వేల రెండు వందల పదిహేను, పన్నెండు వేల మూడు వందల ఎనభై, ఎనిమిది వందల అరవై. మొత్తం 17,455. మన కుర్రవాడు దాన్ని ఇంగ్లిషు అమరికలో ఉన్న ఎక్సెల్‌లో అతికించాడు. ఎక్సెల్ ఏమనుకుంది? నాలుగుంబావుకు కాస్త తక్కువ, పన్నెండు చిల్లర, ఎనిమిది వందల అరవై. మొత్తం 876.595. ఎర్ర గీత పడలేదు, హెచ్చరిక రాలేదు. కూడిక కూడా సరైనదే!

నాకెలా అనుమానం వచ్చింది? మొత్తం చూసి కాదు. రెండో సంఖ్య 12.38గా కనిపించింది. మిగతావి 4.215, 860. ఒకే నిలువు వరుసలో ఒకదానికి మూడు దశాంశాలు, ఒకదానికి రెండు, ఒకదానికి అసలు లేవు. 12.380లోని చివరి సున్నాను దశాంశం తర్వాతి వ్యర్థ సున్నా అనుకుని ఎక్సెల్ దాచేసింది. దశాంశ స్థానాలు ఎగుడుదిగుడుగా ఉన్న నిలువు వరుసను ఎప్పుడూ అనుమానించండి. అయితే ఎవరైనా అందం కోసం అన్నిటినీ ఒక దశాంశానికి అమరిస్తే, 4.2, 12.4, 860.0 అని వచ్చి ఈ ఆధారం కూడా చెరిగిపోతుంది. అందుకే అలంకరణకు ముందే ముడి పట్టిక చూడాలి, మూలంలో అచ్చయిన మొత్తంతో పోల్చాలి.

అదే పట్టికలో 4.215,50 లాంటి సంఖ్య ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. ఇంగ్లిషు అమరిక దాన్ని సంఖ్యగా ఒప్పుకోదు, మాటగా పెట్టుకుంటుంది. SUM దాన్ని పక్కన పెట్టి మిగతావే కూడుతుంది. దీనికి గుర్తు ఏమిటంటే, ఎక్సెల్ సంఖ్యలను గడిలో కుడివైపుకు, మాటలను ఎడమవైపుకు జరుపుతుంది. ఎడమవైపు అతుక్కున్న సంఖ్య కనిపిస్తే అది లెక్కలోకి రాలేదన్నమాట. ఎవరైనా అన్నిటినీ మధ్యకు జరిపి ఉంటే? ఆ గుర్తూ పోయింది. జర్మన్ అమరికలో ఉన్న యంత్రంలో 3.4 అని కొడితే అది సంఖ్య కూడా కాదు, ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది.

మన పద్ధతి కామాల విషయంలో ఒక వల ఉంది. లక్షల కామాలు రావాలని చాలామంది ఎక్సెల్‌లో ఈ సూత్రం వాడతారు:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

తెర మీద చూడండి. కోటి దాటితే మొదటి భాగం, లక్ష దాటితే రెండోది, మిగతావన్నీ మూడోది. 12,34,567 చక్కగా వస్తుంది. ఇప్పుడు అదే సంఖ్యకు రుణ గుర్తు పెట్టండి. రుణ సంఖ్య లక్ష కంటే పెద్దదా? కాదు. కాబట్టి మూడో భాగంలో పడుతుంది, −1,234,567 అని మిలియన్ల పద్ధతిలో వస్తుంది. లాభాలన్నీ ఒక పద్ధతిలో, నష్టాలన్నీ ఇంకో పద్ధతిలో! విలువ తప్పు కాదు గానీ, వేగంగా చదివేవాడు తడబడతాడు. రుణ సంఖ్యల కామాలను విడిగా చూడండి, అంతే.

ఇక కరెన్సీ గుర్తులు. డాలరు గుర్తును అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్ అన్నీ వాడతాయి. ¥ జపాన్ యెన్‌కూ అదే, చైనా యువాన్‌కూ అదే. రెండు దేశాల డబ్బు ఒకే నివేదికలో ఉంటే గుర్తులు మానేసి USD, SGD, JPY, CNY లాంటి మూడక్షరాల కోడ్‌లు పెట్టించండి. కోడ్ వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది, ఆ కరెన్సీకి దశాంశాలు ఎన్ని ఉండాలో తెలుస్తుంది. యెన్‌కు దశాంశాలు లేవు. యెన్ మొత్తానికి పైసల్లా రెండంకెలు కనిపిస్తే అది మారకం లెక్కలోంచి దొర్లినదే అయి ఉంటుంది. కువైట్ దీనారుకు మూడు దశాంశాలు. ఇప్పుడు చెప్పండి, KWD 12.500 అంటే ఎంత? పన్నెండున్నర దీనార్లు. EUR 12.500 అని జర్మన్ పట్టికలో ఉంటే? పన్నెండు వేల ఐదు వందలు. అంకెలు, బిందువు అన్నీ అవే.

మన రూపాయి గుర్తుకూ ఒక జబ్బు ఉంది. 2010 జులైలో ఈ గుర్తును ఎంపిక చేశారు. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఈ మధ్యలో తొందరపడ్డవారి కోసం ఒక ఫాంటు వచ్చింది. కీబోర్డు మీద ఒకటి అంకె పక్కన ఉండే వాలుగీత ఉంది చూడండి, దాని స్థానంలో రూపాయి బొమ్మ పెట్టారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో రూపాయి కనిపిస్తుంది. లేని యంత్రంలో ` అన్న వాలుగీత కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పాత నివేదికలను నకలు తీసి కొత్తవి తయారుచేసేవారి దగ్గర ఇది ఇంకా బతికే ఉంది. మీ తెర మీద బాగానే ఉందని వదిలేయకండి. పీడీఎఫ్ లోంచి ఒక వాక్యం నకలు తీసి, మామూలు అక్షరాల ఫైలులో అతికించండి. రూపాయి నిలిస్తే సరే. వాలుగీత వస్తే పాత ఫాంటు దాగి ఉందన్నమాట.

చివరి చదువు

ఇవన్నీ అయ్యాక, సంఖ్యలు ఇక మారవని ఆర్థిక విభాగం చెప్పాక, ఇద్దరు కూర్చోవాలి. ఒకరు మూలం చూసి పైకి చదవాలి, ఇంకొకరు అమరిన పేజీలో టిక్కు పెట్టాలి. ఎలా చదవాలి? 'వెయ్యిన్ని రెండు వందల ఎనభై నాలుగు పాయింటు ఆరు' అని కాదు. 'ఒకటి, కామా, రెండు, ఎనిమిది, నాలుగు, పాయింటు, ఆరు, కోట్లు.' అంకె అంకెగా, కామాతో, బిందువుతో, యూనిట్‌తో సహా. మాటగా చదివితే వినేవాడి మెదడు దాన్ని గుండ్రంగా పట్టుకుంటుంది. విసుగుగా ఉంటుందా? ఉంటుంది. అరగంటకోసారి స్థానాలు మార్చుకోండి.

ప్రశ్న ఏదో ఉన్నట్టుంది, అడగండి. ఆ, మంచి ప్రశ్న. కూడిక చివర ఒకటి తేడా వస్తే దిద్దాలా అంటున్నారు. 45.4, 54.4 కలిపితే 99.8. మూడింటినీ దశాంశం లేకుండా కుదిస్తే 45, 54, మొత్తం 100. కూడి చూసేవాడికి 99 వస్తుంది. ఏదో ఒకదాన్ని 46 చేసి కుదిర్చేద్దామా? వద్దు. ఆ 46 ఇంకో పేజీలో 45గానే ఉంటుంది, అప్పుడు నిజమైన తప్పు పుడుతుంది. కుదింపు వల్ల మొత్తాలు కలవకపోవచ్చని పట్టిక కింద రాయించండి. కానీ తేడా నిజంగా కుదింపు వల్లే వచ్చిందని ముడి సంఖ్యలతో రూఢి చేసుకున్నాకే. ఆ ఒక్క వాక్యాన్ని దుప్పటిలా కప్పి దాని కింద ఏమేమి దాస్తారో నేను చూశాను.

ఇంకొకరు అడుగుతున్నారు, తప్పు దొరికితే మనమే దిద్దేయవచ్చా అని. అక్షరమైతే దిద్దండి. అంకె మాత్రం దిద్దకండి. ప్రశ్న రాసి పంపండి. ఎందుకో చెబుతాను. ఆ 13,620 ఉంది చూశారూ, అది నా బల్ల మీదికి వచ్చినప్పుడు 1,362 అని దిద్దేయబోయాను. చెయ్యి ఆపుకుని రాసి పంపాను, 'వాక్యంలో 13,620 మిలియన్లు, పట్టికలో 136.2 కోట్లు. వాక్యం లక్షల ప్రతి నుంచి వచ్చినట్టుంది. ఏది ఉంచాలి?' గంటకు జవాబు వచ్చింది. ఏదీ వద్దు. ముందు రోజు సాయంత్రం ఆడిటర్ల సవరణతో పన్ను మారింది, లాభం మారింది. నేను సాక్షిగా నమ్మిన పట్టికే ఒక రోజు పాతది!

అప్పుడు మొదలైంది అసలు పని. 136.2ను నివేదికంతా వెతికి మార్చాలి. కంప్యూటర్‌లో వెతికితే తొమ్మిది చోట్ల దొరికింది. మార్చాం. తర్వాత కాగితం మీద పేజీ పేజీ తిరగేస్తే ఇంకో మూడు బయటపడ్డాయి. ఒకచోట 1,362 మిలియన్లని ఉంది, వెతుకులాటకు అది వేరే సంఖ్య. ఒకచోట 'సుమారు 136 కోట్లు' అని ఉంది. మూడోది పట్టికలో లేదు, వాక్యంలో లేదు. అధ్యక్షుడి సందేశం పక్కన ఉన్న స్తంభాల బొమ్మలో, స్తంభం నెత్తి మీద ఉంది. ఆ బొమ్మను చిత్రంగా అతికించారు, అందులోని అంకెలు ఏ వెతుకులాటకూ చిక్కవు. అప్పటి నుంచి నేను సంఖ్యలు ఇక మారవని చెప్పించుకున్న వెంటనే, లాభం, ఆదాయం, షేరు ఆర్జన ఈ మూడూ ఏయే పేజీల్లో ఏయే రూపాల్లో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుంటున్నాను, బొమ్మలతో సహా.